గోదావరి పాఠాన్ని గీసి చదవడం: పటం, కాలరేఖ, కారణాల గొలుసు

"గోదావరి నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దానివల్ల గోదావరి జిల్లా సస్యశ్యామలమైంది." ఈ మూడు వాక్యాలు పదిసార్లు చదివిన విద్యార్థికి రెండు ప్రశ్నలు వేసి చూడండి. కోనసీమలో చినుకు కూడా పడని రోజున గోదావరికి వరద ఎందుకొస్తుంది? ఎదురుగా అంత నది పారుతుండగా అక్కడి జనం కరువుకు ఎందుకు చచ్చారు? వాక్యాలన్నీ గుర్తున్నా జవాబు రాదు. ఆ జవాబులు వాక్యాల్లో లేవు. చోట్ల మధ్య దూరంలో, ఏళ్ల మధ్య ఖాళీలో, ఒక సంగతి ఇంకోదాన్ని ఎలా కదిలించిందన్న దాంట్లో ఉన్నాయి. చదివితే అవి కనపడవు, గీస్తేనే కనపడతాయి.

ఈ మార్గదర్శిలో గోదావరి డెల్టా పాఠం ఒక్కటే తీసుకుని పటం, కాలరేఖ, కారణాల గొలుసు మూడూ మొదటి నుంచి చివరి దాకా గీస్తాం. మూడింటినీ మూడు వేరు వేరు పనులుగా చూడకండి. పటంలో దొరికిన సంగతి గొలుసులోని బాణాన్ని నిలబెడుతుంది లేదా కొట్టేస్తుంది. కాలరేఖా అదే పని చేస్తుంది. ఈ పరస్పర తనిఖీ లేకపోతే మిగిలేవి మూడు అందమైన బొమ్మలే.

## కావలసినవి

నాలుగు తెల్ల కాగితాలు (ఏ4), 30 సెంటీమీటర్ల స్కేలు, పెన్సిలు, రబ్బరు, ఒక నీలం పెన్ను, ఒక ఎర్ర పెన్ను, ఒక అట్లాసు. రంగు పెన్సిళ్లు వద్దు. రంగులు నింపడం మొదలైతే అరగంట ఇట్టే గడిచిపోతుంది, పని చేసినట్టే ఉంటుంది, తలలో ఏమీ చేరదు. ఎర్ర పెన్ను మాత్రం తప్పనిసరి, అది దిద్దుబాట్లకు.

ముందు ఒక కాగితం పైభాగంలో మీ ప్రశ్న రాయండి. "గోదావరి నది" అనేది ప్రశ్న కాదు, శీర్షిక. "1832లో కరువు పాలైన తీరప్రాంతంలో, 1876 కరువు నాటికి గోదావరి డెల్టా ఎలా నిలదొక్కుకుంది?" అనేది ప్రశ్న. పటంలో ఏది పెట్టాలి, ఏది వదలాలి అన్నది ఈ ప్రశ్నే తేలుస్తుంది. ప్రశ్న లేకుండా పటం మొదలుపెడితే అట్లాసులో ఉన్న ప్రతి ఊరూ ముఖ్యంగానే కనిపిస్తుంది.

## మొదటి కాగితం: పటం

అట్లాసు మీద పల్చటి కాగితం పెట్టి అచ్చు దించకండి. అలా దించితే చెయ్యి గీత వెంట పోతుంది తప్ప ఏ ఊరు ఎక్కడుందో ఒక్కసారి కూడా ఆలోచించదు. మరుసటి రోజు తెల్ల కాగితం ముందు పెట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. దానికి బదులు అక్షాంశ రేఖాంశాల చట్రం వాడతాం.

కాగితాన్ని అడ్డంగా పెట్టి 20 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తున ఒక పెట్టె గీయండి. ఎడమ అంచు 73 డిగ్రీల తూర్పు రేఖాంశం, కుడి అంచు 83. కింది అంచు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం, పై అంచు 21. అంటే ఒక్కో డిగ్రీకి 2 సెంటీమీటర్లు. ఈ ప్రాంతంలో ఒక డిగ్రీ సుమారు 105 నుంచి 110 కిలోమీటర్లు కాబట్టి, పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద దాదాపు 54 కిలోమీటర్లు. ఈ ఒక్క అంకెను పెట్టె కింద రాసుకోండి.

ఇప్పుడు ఎడమ కింది మూల నుంచి కొలిచి ఈ ఎనిమిది చుక్కలు పెట్టండి. మొదటి అంకె కుడివైపుకు, రెండోది పైకి, రెండూ సెంటీమీటర్లలో:

- త్రయంబకం: 1.1, 7.9
- పైఠన్: 4.8, 7.0
- నాందేడ్: 8.6, 6.3
- కందకుర్తి: 9.7, 5.6
- కాళేశ్వరం: 13.8, 5.6
- భద్రాచలం: 15.8, 3.3
- రాజమండ్రి: 17.6, 2.0 (ధవళేశ్వరం దానికి ఆనుకునే దిగువన)
- అంతర్వేది: 17.5, 0.7

ఈ చుక్కలను నీలం పెన్నుతో కలిపితే నది వచ్చేస్తుంది. కలిపేటప్పుడు ఒక విషయం గమనించండి. త్రయంబకం నుంచి కాళేశ్వరం దాకా నది దాదాపు తిన్నగా తూర్పుకే పోతుంది. కాళేశ్వరం దాటాక ఒక్కసారిగా ఆగ్నేయానికి తిరుగుతుంది. ఈ మలుపు గుర్తుంటే చాలు, నది ఆకారం సగం గుర్తున్నట్టే.

గీత పొడవు కొలవండి. దాదాపు 20 సెంటీమీటర్లు వస్తుంది, అంటే 1,060 కిలోమీటర్ల చిల్లర. పుస్తకం చెప్పేది 1,465. మిగతా 400 కిలోమీటర్లు ఏమయ్యాయి? నది వంపుల్లో ఉన్నాయి. మనం ఎనిమిది చుక్కలను తిన్నగా కలిపాం, నది అలా పోదు. మీ గీత 1,465 కన్నా పొడవు తేలితే మాత్రం ఎక్కడో చుక్క తప్పు పడింది, వెతకండి.

తరువాత తూర్పు తీరం. కింది అంచుకు కొద్దిగా పైన, 16.3 దగ్గర మచిలీపట్నం. అక్కడి నుంచి అంతర్వేది, యానాం (18.4, 1.5), కాకినాడ (18.5, 1.9) మీదుగా కుడి అంచున 3 సెంటీమీటర్ల ఎత్తుకు గీత లాగండి. పడమట కనుమలను ఎడమ అంచుకు ఒకటి రెండు సెంటీమీటర్ల లోపల, పైనుంచి కిందికి ఒక దంతాల గీతగా వేస్తే సరిపోతుంది.

ఇక ఉపనదులు. ఈ పాఠానికి నాలుగు చాలు. మంజీర ఎడమవైపు (5.8, 5.4) దగ్గర బాలాఘాట్ కొండల్లో మొదలై, ఆగ్నేయంగా (10, 3.2) దాకా దిగి, అక్కడ వెనక్కి తిరిగి ఉత్తరంగా వెళ్లి కందకుర్తి దగ్గర కలుస్తుంది. దక్షిణాదిలో ఇలా ఉత్తరానికి తిరిగే నది అరుదు కాబట్టి ఈ కొక్కెం ఆకారం మరిచిపోవడం కష్టం. ప్రాణహిత పై అంచు నుంచి దిగి కాళేశ్వరంలో కలుస్తుంది. ఇంద్రావతి కుడివైపు నుంచి, జగదల్‌పూర్ (18, 6.2) మీదుగా పడమరకు వచ్చి కాళేశ్వరానికి కొంచెం దిగువన కలుస్తుంది. శబరి కూడా కుడి నుంచే దిగి భద్రాచలానికి కిందనున్న కూనవరం దగ్గర కలుస్తుంది.

ఇక్కడే పటం పాఠం చెప్పడం మొదలవుతుంది. నీలం పెన్నుతో ప్రతి నదినీ అది తెచ్చే నీటిని బట్టి లావుగానో సన్నగానో దిద్దండి. నైరుతి ఋతుపవనాలు పడమటి కనుమలను గుద్దుకుని వానంతా పడమటి వాలున కురిపిస్తాయి. కనుమలకు తూర్పున ఉన్న మహారాష్ట్ర నేల వర్షచ్ఛాయలో ఉంటుంది. కాబట్టి త్రయంబకం నుంచి కందకుర్తి దాకా నది సన్న గీత, మంజీర కూడా సన్నమే. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మాత్రం విదర్భ, బస్తర్, ఒడిశా కొండల్లో కురిసే భారీ వానలను మోసుకొస్తాయి, వాటిని లావుగా వేయండి. గీతలు పూర్తయ్యాక చూస్తే, నది సగం కన్నా ఎక్కువ దూరం సన్నగా వచ్చి కాళేశ్వరం దగ్గర ఒక్కసారిగా లావెక్కుతుంది.

కోనసీమలో ఎండ కాస్తుండగా వరద ఎందుకొస్తుందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. డెల్టాకు వచ్చే నీళ్లు డెల్టాలో కురిసినవి కావు, ఉత్తరాన ఎక్కడో వందల కిలోమీటర్ల దూరాన కురిసినవి. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగుల మట్టాలకు మూడు ప్రమాద హెచ్చరికలు ఎందుకు పెట్టారో కూడా ఇక్కడే తెలుస్తుంది. లావు ఉపనదుల్లో రెండు ఆ ఊరికి పైనే కలిసిపోయాయి. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగులకు చేరింది. కాళేశ్వరం మీద "వాన ఇక్కడిది కాదు" అని చిన్నగా రాసిపెట్టుకోండి, గొలుసు దగ్గర ఇదే అక్కరకొస్తుంది.

## పటం పక్కనే ఒక అడ్డుకోత

పైనుంచి చూసే పటం ఎత్తుపల్లాలు చెప్పదు. డెల్టా సంగతంతా ఎత్తుపల్లాల్లోనే ఉంది కాబట్టి, అదే కాగితం కింద 12 సెంటీమీటర్ల వెడల్పున డెల్టాను అడ్డంగా కోసినట్టు ఒక బొమ్మ వేయండి.

ధవళేశ్వరం దిగువన నది గౌతమి, వశిష్ఠ అనే రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. వాటి మధ్య నేలే కోనసీమ. ఎడమన వశిష్ఠ, కుడిన గౌతమి, మధ్యలో పొలాలు వేయండి. చాలామంది ఇక్కడ నదిని అన్నిటికన్నా పల్లంలో, పొలాలను ఎత్తులో గీస్తారు. కొండల్లో నదికి అది నిజం. డెల్టాలో నది వరద వచ్చినప్పుడల్లా ఒడ్డున ఒండ్రు పోసి పోసి తన గట్లను తానే పెంచుకుంటుంది. కాబట్టి పాయల ఒడ్డు ఎత్తు, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ నేల పల్లం. బొమ్మ పళ్లెం ఆకారంలో రావాలి: రెండు అంచులూ ఎత్తు, మధ్య లోతు.

ఇప్పుడు నదిలో రెండు నీటి గీతలు వేయండి. పైది వరద మట్టం, అది ఒడ్డును తాకుతుంది. కిందిది వరద తీశాక మట్టం, అది ఒడ్డుకు బాగా దిగువన ఉంటుంది. ఒడ్డున ఒక చిన్న కాలువ నోరు గీసి, ఏ గీత దగ్గర అందులోకి నీరు ఎక్కుతుందో చూడండి. వరదలో మాత్రమే ఎక్కుతుంది. నీరు కొన్ని అడుగులు తగ్గితే చాలు, కాలువ నోరు ఎండిపోతుంది. నది కళ్లెదుటే ఉంటుంది, పొలానికి చుక్క రాదు. మొదట్లో వేసిన రెండో ప్రశ్నకు జవాబు ఈ రెండు గీతల మధ్య ఖాళీలో ఉంది.

ఆ ఖాళీని పూడ్చడమే ఆనకట్ట పని. 1852 నాటి ధవళేశ్వరం ఆనకట్ట ఎత్తు 12 అడుగులు మాత్రమే. ఆధునిక డ్యాములతో పోలిస్తే అది గోడ కూడా కాదు. నీటిని నిలవ చేయడం దాని ఉద్దేశం కాదు. వరద తీశాక కూడా నీటి మట్టాన్ని కాలువ నోటి దాకా లేపి ఉంచడం దాని ఉద్దేశం. ఒకసారి నీరు కాలువలోకి ఎక్కితే, ఎత్తైన ఒడ్డు వెంట నడిచి, పల్లపు పొలాల్లోకి దానంతటదే జారుతుంది. బొమ్మ సరిగ్గా వేస్తే ఆ 12 అడుగులు ఎందుకు చాలాయో అర్థమవుతుంది. నదిని పల్లంలో గీసినవాళ్లకు ఇది ఎప్పటికీ వింతగానే ఉంటుంది.

## రెండో కాగితం: కాలరేఖ

కాలరేఖలో అందరూ చేసే తప్పు, సంఘటనలను సమాన దూరంలో వరసగా పేర్చడం. అది కాలరేఖ కాదు, జాబితాను అడ్డంగా రాయడం. కాలరేఖలో మాట్లాడేది ఖాళీ, అది కొలత ప్రకారం ఉండాలి.

20 సెంటీమీటర్ల గీత గీయండి. ఎడమ చివర 1830, కుడి చివర 1880. ఏడాదికి 4 మిల్లీమీటర్లు. గీత మీద మూడు వరసలు పెట్టండి: పై వరస ప్రకృతి, మధ్య వరస జనం, కింది వరస ప్రభుత్వం. కొన్నేళ్లు సాగినదానికి చుక్క కాదు, పట్టీ వేయాలి.

పై వరసలో 1832-33 వానలు తప్పడం (0.8 దగ్గర మొదలు), 1839 కోరంగి తుఫాను (3.6), 1876-78 వానలు తప్పడం (18.4 నుంచి 19.2). మధ్య వరసలో 1832-33 కరువు. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని నందన కరువంటారు, జనం నోట డొక్కల కరువు. కుడి చివర 1876-78 కరువు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువు. కింది వరసలో 1836 (2.4): కావేరి పాయ కొల్లడం మీద ఆర్థర్ కాటన్ కట్టిన ఆనకట్టలు. 1844 (5.6): రాజమండ్రి జిల్లా దుస్థితి మీద హెన్రీ మాంట్‌గొమరీ నివేదిక. 1846 చివర (6.4): ధవళేశ్వరానికి అనుమతి. 1847 నుంచి 1852 దాకా (6.8 నుంచి 8.8): నిర్మాణం, ఇది 2 సెంటీమీటర్ల పట్టీ. 1855 (10): బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట. 1858 (11.2): కంపెనీ పాలన ముగింపు.

కింది వరసలో 1859 దగ్గర (11.6) ఒక గుర్తు తప్పక పెట్టండి. ఆ ఏడాది రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను కలిపి గోదావరి, కృష్ణా జిల్లాలుగా చేశారు. అంతకు ముందు రోజులకు "గోదావరి జిల్లా" అనే మాట వాడితే చోటు అర్థమవుతుంది కానీ పేరు తప్పు. పోటీ పరీక్షల్లో ఇలాంటి చోటే పట్టుకుంటారు.

ఇప్పుడు పెన్ను పక్కన పెట్టి ఖాళీలు చూడండి. కరువు అయిపోయిన 1833 నుంచి నివేదిక వచ్చిన 1844 దాకా నాలుగున్నర సెంటీమీటర్లు. పదకొండేళ్లు! నివేదిక నుంచి అనుమతి దాకా సెంటీమీటరు కూడా లేదు. ఏది ఆలస్యమైంది, ఏది చకచకా జరిగింది అన్నది కంటికే తెలుస్తుంది, ఎందుకన్న ప్రశ్న దానంతటదే పుడుతుంది. ఆ ప్రశ్నను ఎర్ర పెన్నుతో ఖాళీలోనే రాయండి.

## మూడో కాగితం: కారణాల గొలుసు

మామూలుగా విద్యార్థులు గీసే గొలుసు ఇలా ఉంటుంది: కరువు → కాటన్ → ఆనకట్ట → అభివృద్ధి. ఇందులో నాలుగు పెట్టెలున్నాయి, ఒక్క కారణం కూడా లేదు. "కాటన్" ఒక మనిషి పేరు, సంఘటన కాదు. "అభివృద్ధి" ఎవరికి, దేనిలో? పెట్టెలో పూర్తి వాక్యం ఉండాలి: ఎవరు లేదా ఏది, ఏం చేసింది లేక ఏమైంది. బాణం మీద కూడా ఒక మాట రాయాలి, మొదటిది రెండోదాన్ని ఎలా తెచ్చిందో. బాణం మీద రాయడానికి మాట దొరకలేదంటే అక్కడ మీకు విషయం తెలియదని అర్థం, పుస్తకం మళ్లీ తెరవాల్సింది ఆ ఒక్క చోటు కోసమే.

ప్రతి బాణాన్నీ మూడు విధాల పరీక్షించాలి. కాలరేఖ ఒప్పుకుంటుందా? పటం ఒప్పుకుంటుందా? మొదటి పెట్టెను తీసేస్తే రెండోది నిలుస్తుందా? ఒక బాణాన్ని తీసుకుని చేసి చూద్దాం: "1832-33 కరువు → ధవళేశ్వరం ఆనకట్ట".

కాలరేఖ దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. వరస తప్పలేదు, కరువే ముందు. కానీ మధ్యలో 13 ఏళ్ల ఖాళీ ఉంది. అంత పొడవు బాణం నేరుగా ఉండదు, మధ్యలో మెట్లు ఉండాలి.

పటం దగ్గర ఇబ్బంది ఇంకా పెద్దది. నందన కరువు అన్నిటికన్నా ఘోరంగా కుదిపింది గుంటూరు సీమను. రికార్డుల్లో దాని పేరే గుంటూరు కరువు. మీ పటంలో గుంటూరు పెట్టండి: 14.9, 0.6. ధవళేశ్వరం నుంచి కొలిస్తే 3 సెంటీమీటర్లు, అంటే 160 కిలోమీటర్లు నైరుతిగా. పైగా అది కృష్ణకు ఆవలి ఒడ్డు. గోదావరి మీద ఆనకట్ట కడితే గుంటూరుకు నీరు పోదు. గుంటూరుకు జవాబు 1855 నాటి కృష్ణా ఆనకట్ట. కాబట్టి ఈ బాణాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచకూడదు. కరువు గోదావరి సీమనూ తాకింది, అది నిజమే. కానీ ధవళేశ్వరానికి దారి తీసినది ఆ ఒక్క ఏడు కాదు. కరువు, తుఫాను, మళ్లీ మళ్లీ పంట పోవడం, జనం చావడం, వలసపోవడం, బీడు పడ్డ భూమి, వీటన్నిటితో రాజమండ్రి జిల్లా శిస్తు పడిపోవడం. 1844 నివేదికను రాయించింది ఆ పతనం. కంపెనీకి భూమి శిస్తే ప్రధాన ఆదాయం కదా.

తీసేసి చూసే పరీక్ష చేయండి. కరువును తీసేస్తే, శిస్తు పడిపోకపోతే కంపెనీ ఖజానా నుంచి డబ్బు తీసేదా? కష్టమే. 1836 కొల్లడం ఆనకట్టలను తీసేస్తే? డబ్బుండి కూడా, ఇసుక పునాది మీద అంత వెడల్పు నదికి అడ్డంగా కట్టొచ్చన్న నమ్మకం ఉండేది కాదు. ధవళేశ్వరం చోటును తీసేస్తే? అక్కడ నది విశాలంగా పరుచుకుని, మధ్యలో లంకలతో ఉంది కాబట్టి కట్టాల్సిన రాతికట్ట పొడవు తగ్గింది. రాయి పక్క కొండల్లోనే దొరికింది. అంటే ఆనకట్ట అనే పెట్టెలోకి వచ్చే బాణం ఒకటి కాదు, మూడు: ఆదాయం పోతోందన్న ఒత్తిడి, కావేరి దగ్గర నేర్చిన విద్య, అనుకూలమైన చోటు. మూడింటినీ వేరు వేరు వైపుల నుంచి గీయండి. ఒకే గీతగా సాగే గొలుసు చరిత్రలో చాలా అరుదు. మీ గొలుసు తిన్నగా వచ్చిందంటే ఏదో వదిలేశారని అనుమానించండి.

ఆనకట్ట తరువాత గొలుసు ఇలా సాగుతుంది. ఆనకట్ట వరద లేనప్పుడు కూడా నీటి మట్టాన్ని లేపింది → కాలువ నోటికి నీరందింది (అడ్డుకోత సాక్ష్యం) → ఎత్తైన ఒడ్డు మీది కాలువల నుంచి పల్లపు పొలాలకు నీరు జారింది → స్థానిక వానతో పని లేకుండా వరి పండింది → శిస్తు పెరిగింది → కొత్త కాలువలకు డబ్బు వచ్చింది. చివరి పెట్టె నుంచి ఒక బాణం వెనక్కి "కాలువల" దగ్గరికి తిరుగుతుంది. ఇలా తిరిగే బాణాన్ని మందంగా వేయండి, ఒకసారి మొదలైన పని ఎందుకు ఆగలేదో అది చెబుతుంది.

పక్కకు పోయే బాణం కూడా ఒకటి ఉంది, పుస్తకాలు దీన్ని తరచూ వదిలేస్తాయి. అడ్డుకోతలో డెల్టా పళ్లెంలా ఉందని చూశాం. పళ్లెంలోకి నీరు తేవడం తేలిక, తీయడం కష్టం. కాలువ నీరు, వాన నీరు కలిసి మధ్య పల్లంలో నిలుస్తాయి. అందుకే డెల్టాలో సాగు కాలువలతో పాటు మురుగు కాలువలూ కావలసి వచ్చాయి. వాటి నిర్వహణ సరిగా లేని ఏడాది భారీ వానకు పంట మునిగిపోతుంది. నీరు లేక పోయే పంట, నీరు ఎక్కువై పోయే పంట, రెండూ ఒకే నేలవాలు నుంచి వచ్చినవి.

ఇక చివరి పెట్టె: "1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చచ్చారు, గోదావరి డెల్టా చాలావరకు తప్పించుకుంది." ఆనకట్ట నుంచి దీనికి నేరుగా బాణం వేయాలనిపిస్తుంది. తొందరపడకండి. ఆనకట్ట నీటిని లేపుతుంది కానీ పుట్టించదు. నదిలో నీరే లేకపోతే ఆ 12 అడుగుల కట్ట ఏం చేస్తుంది? మొదటి కాగితం తీసి కాళేశ్వరం మీద రాసుకున్న మాట చూడండి: వాన ఇక్కడిది కాదు. ఆ కరువుకు ప్రధాన రంగం దక్కను, దక్షిణాది. గోదావరికి ఎక్కువ నీరిచ్చే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పుట్టేది అంతకు ఉత్తరాన. కాబట్టి ఈ పెట్టెకు రెండు బాణాలు కావాలి: ఒకటి ఆనకట్ట నుంచి, రెండోది పటం నుంచి. రెండో బాణం లేని గొలుసు సగం నిజమే చెబుతుంది. కాలరేఖలో ఎంత వెతికినా ఆ సగం దొరకదు.

## మూసి గీయడం

మూడు కాగితాలూ మొదటిసారి గీయడానికి గంటన్నర పడుతుంది. అది నేర్చుకోవడంలో మొదటి భాగమే. మరుసటి రోజు అన్నీ మూసేసి, తెల్ల కాగితం మీద పటం ఎనిమిది నిమిషాల్లో, కాలరేఖ ఐదు నిమిషాల్లో, గొలుసు పది నిమిషాల్లో గీయండి. చట్రం అంకెలు (73 నుంచి 83, 16 నుంచి 21) మాత్రం చూసి రాసుకోవచ్చు. తరువాత అసలు కాగితాలు తెరిచి తప్పులను ఎర్ర పెన్నుతో దిద్దండి. రబ్బరుతో చెరిపేయకండి. మళ్లీ నాలుగో రోజు, పదకొండో రోజు, నెల తరువాత. ప్రతిసారీ ఎర్ర గుర్తులు లెక్కపెట్టి మూలన వేసుకోండి.

తప్పు ఎక్కడ పడిందో చూసి మందు వేయాలి. చుక్క అర సెంటీమీటరు పక్కకు పోతే పట్టించుకోవద్దు, అది చేతి తప్పు. కానీ భద్రాచలం కాళేశ్వరానికి ఎగువన పడినా, మంజీర ఉత్తరం నుంచి వచ్చి కలిసినా అది అవగాహన తప్పు. అప్పుడు పటమంతా కాకుండా ఆ ముక్క ఒక్కటే మూడుసార్లు గీయండి. ఏళ్లలో ఒకటి రెండు ఇటూ అటూ అయితే ఫర్వాలేదు కానీ, 1836ను 1847 తరువాత పెట్టారంటే "కావేరి దగ్గర నేర్చిన విద్య" అనే బాణం మీ తలలో లేదన్నమాట. గొలుసులో పెట్టెలు గుర్తుండి బాణాల మీద మాటలు ఖాళీగా వస్తే బట్టీ పట్టినట్టు. అప్పుడు గొలుసును చివరి పెట్టె నుంచి వెనక్కి గీయండి. "ఇది జరగాలంటే అంతకు ముందు ఏం ఉండాలి?" అని ఒక్కో అడుగూ వెనక్కి వేస్తే బట్టీ పనిచేయదు.

## ఇంకో పాఠానికి మార్చేటప్పుడు

చట్రం మారుతుంది, అంతే. ముందు పాఠంలో ఉన్న చోట్లకు బయట అంచుల అక్షాంశ రేఖాంశాలు అట్లాసులో చూడండి, ఆ తేడాను 20 సెంటీమీటర్లలో ఇమిడేలా పంచండి. పటంలో ప్రశ్నకు అవసరమైన పేర్లే ఉండాలి. కాలరేఖలో వందేళ్లకు మించితే రెండు కాగితాలు వాడండి, లేకపోతే ఖాళీలు కుంచించుకుపోయి కంటికి ఏమీ చెప్పవు. గొలుసులో పెట్టెలు తొమ్మిది పది చాలు.

అన్ని పాఠాలకూ మూడూ పనికిరావు. కృష్ణా డెల్టా, కాకతీయుల చెరువులు, రాయలసీమ కరువులు, ఉప్పు సత్యాగ్రహం లాంటివాటికి మూడూ కావాలి. నేలల రకాల పాఠానికి పటం, గొలుసు చాలు, కాలరేఖ దండగ. వేమన కాలపు భావాల లాంటి పాఠానికి బాణాలు వేయడం ప్రమాదం. ఒక ఆలోచన ఇంకో ఆలోచనను ఎలా పుట్టించిందో రుజువు చేయడం కష్టం, బాణం వేయగానే అది రుజువైనట్టు కనపడుతుంది. అలాంటి చోట బాణానికి బదులు చుక్కల గీత వేసి వదిలేయండి.

పరీక్ష జవాబు పత్రంలో ఇంత పెద్ద పటానికి చోటు ఉండదు. ప్రతి కొలతనూ సగం చేసి 10 × 5 సెంటీమీటర్ల పెట్టె వాడండి. డిగ్రీకి ఒక సెంటీమీటరు కాబట్టి లెక్క ఇంకా తేలిక. నది, తీరం, మూడు లావు ఉపనదులు, ధవళేశ్వరం, కాళేశ్వరం, గుంటూరు. ముందే నాలుగుసార్లు మూసి గీసి ఉంటే ఇది మూడు నిమిషాల పని.